37, 35, 27 కలిపితే 99

ఆదివారం. ఉగ్గాని, బజ్జీ అయ్యాక పేపరు చదువుకుందామని కూర్చునేసరికి ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేసింది. అగ్రికల్చరల్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. 62 మంది రైతులను కలిసి వేరుశనగ దిగుబడి మీద పేపరు రాసింది. అనంతపురంలో ఉంటూ వేరే పంట మీద రాస్తే ఇంట్లోవాళ్లే ఊరుకోరనుకుంటా. ఆ పేపరు ఇంకా అచ్చు కాలేదు కాబట్టి ఇక్కడ అంకెలు మార్చి రాసుకుంటున్నాను. లెక్క తీరు మాత్రం అదే.

"మేడమ్, రివ్యూయర్ ఒక్కటే అడిగాడు. దశాంశాలు పేపరంతా ఒకే పద్ధతిలో ఉండాలంట. అరగంట పని" అంది. సాయంత్రం దాకా పట్టింది.

మొదటి టేబుల్‌లో రైతులు మూడు రకాలు. వానను నమ్ముకున్నవాళ్లు 23 మంది, సొంత బోరు ఉన్నవాళ్లు 22, పక్క రైతు బోరు నీళ్లు కొనుక్కునేవాళ్లు 17. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన శాతాలు 37.10, 35.48, 27.42. టేబుల్‌లో ఒక్క దశాంశం చాలనుకుని 37.1, 35.5, 27.4 అని పెట్టింది. అబ్‌స్ట్రాక్ట్‌లో దశాంశాలెందుకని ఆ టేబుల్ చూసి 37, 36, 27 అని రాసింది. కూడితే సరిగ్గా వంద. అమ్మాయి మొహంలో సంతోషం.

"ఏమ్మా, 22ని 62తో భాగించి చూడు" అన్నాను. 35.48 వచ్చింది. దాన్ని నేరుగా పూర్ణాంకం చేస్తే 35 అవుతుంది, 36 కాదు. మధ్యలో 35.5 దగ్గర ఒకసారి ఆగి, అక్కణ్ణుంచి మళ్లీ రౌండ్ చేసింది కాబట్టే ఒకటి పెరిగింది. రౌండ్ చేసినదాన్ని మళ్లీ రౌండ్ చేస్తే ఇదే తంటా. వంద వచ్చింది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

"మరి 37, 35, 27 అంటే 99 అవుతుంది కదా మేడమ్?" అయితే కానీ అన్నాను. టేబుల్ కింద "రౌండ్ చేసినందువల్ల మొత్తం 100 కాకపోవచ్చు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. ఏదో ఒకదానికి ఒకటి కలిపి వంద చేయడం మాత్రం కుదరదు. ఆ ఒక్క శాతం ఏ రైతుదని అడిగితే చెప్పలేం.

అసలు ఇక్కడ దశాంశాలు ఎందుకు వద్దంటానంటే, 62 మందిలో ఒక్క రైతు అటు నుంచి ఇటు మారితే శాతం 1.6 కదులుతుంది. ఒక్క మనిషితోనే అంత కదిలే అంకెకు చుక్క తర్వాత రెండు స్థానాలు పెడితే, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించినట్టే. వంద లోపు మందికి పూర్ణాంకం చాలు. వందలు దాటితే ఒక స్థానం పెట్టుకోవచ్చు. వేల మందిలో అరుదుగా కనిపించే జబ్బు లాంటిదైతే 0.4 శాతాన్ని సున్నా చేసేస్తే అసలు విషయమే పోతుంది, అది వేరే సంగతి. చివరికి టేబుల్‌లో 22 (35%) అని, మనుషుల లెక్క పక్కనే ఉండేలా పెట్టించాను. అనుమానం ఉన్నవాళ్లు వాళ్లే భాగించుకుంటారు.

రిగ్రెషన్ టేబుల్ తెరిస్తే నాకు నవ్వాగలేదు. దిగుబడి ఎకరాకు క్వింటాళ్లలో, ఎరువుల ఖర్చు రూపాయల్లో ఉంది. ఎరువుల వరుసలో కోఎఫిషియంట్ 0.000, స్టాండర్డ్ ఎర్రర్ 0.000, పి-వాల్యూ 0.031. సున్నాకు స్టార్ ఒకటి! అన్నీ మూడు స్థానాలకు పెట్టాలని నియమం పెట్టుకుంది, తు.చ. తప్పకుండా పాటించింది కూడా. అసలు విలువ 0.000312, ఎర్రర్ 0.000141. ఒక్క రూపాయి ఎక్కువ ఖర్చు పెడితే ఎన్ని క్వింటాళ్లు పెరుగుతాయని అడిగితే జవాబు అలాగే వస్తుంది మరి.

ఆరు స్థానాలు చూపించడం దీనికి మందు కాదు, కొలత మార్చాలి. ఖర్చును వెయ్యి రూపాయల లెక్కన తీసుకుంటే కోఎఫిషియంట్ 0.312, ఎర్రర్ 0.141. పి-వాల్యూ ఏమీ మారదు. ఇప్పుడు ఎర్రర్‌లో రెండు సార్థక అంకెలు ఉంచితే 0.14. కోఎఫిషియంట్‌ను కూడా అన్ని స్థానాలకే ఆపితే 0.31. 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 0.03 నుంచి 0.59. వెయ్యి రూపాయలకు ముప్పై ఒక్క కిలోలన్నమాట, ఏ రైతుకు చెప్పినా అర్థమవుతుంది.

"అయితే ఒక్క స్థానమే పెడితే ఇంకా నీట్‌గా ఉంటుంది కదా?" అంది. 0.3ను 0.1తో భాగించమన్నాను. మూడు. అసలు టి-విలువ 2.21. మన టేబుల్ చూసి ఎవరైనా భాగించుకుంటే పి-వాల్యూ 0.004 దగ్గర తేలుతుంది, మనం రాసింది 0.031. రౌండ్ చేశాక మిగిలిన అంకెలతో అసలు ఫలితం దాదాపుగా తిరిగి రావాలి, నేను చూసుకునే గుర్తు అదే. 0.31ను 0.14తో భాగిస్తే 2.21 వచ్చింది, అక్కడితో వదిలేశాను.

పి-వాల్యూల దగ్గర పెద్దగా గొడవ లేదు. ఎస్పీఎస్ఎస్ పాత వెర్షన్లు .000 అని చూపిస్తాయి, దాన్ని అలాగే దించకూడదు, పి-వాల్యూ సున్నా కాదు కదా. p < 0.001 అని రాయాలి. మిగతావి మూడు స్థానాలకు. రెండు స్థానాలైతే వాన వరుసలో ఉన్న 0.048 కాస్తా 0.05 అయిపోతుంది, కింద "0.05 కంటే తక్కువ" అన్న వాక్యంతో కొట్లాట మొదలవుతుంది. చుక్క ముందు సున్నా మాత్రం టేబుల్‌లో లేదు, వాక్యాల్లో ఉంది. ఏపీఏ పద్ధతిలో వద్దంటారు, ఈ జర్నల్ కావాలంటోంది. వీళ్ల మాటే విందాం.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాన్ లేకుండా మే నెలలో దశాంశాలు చూడటం శిక్షే. వచ్చాక ఇంకో చిక్కు బయటపడింది. బీమా గురించి జవాబిచ్చిన 40 మందిలో ఐదుగురు, అంటే 12.5 శాతం. ఒక టేబుల్‌లో 13, ఇంకో టేబుల్‌లో 12. మొదటిది ఎక్సెల్‌లో చేసింది, రెండోది ఆర్‌లో.

```
Excel:  =ROUND(12.5,0)         13
R:      round(12.5)            12
R:      round(0.304, 2)        0.3
R:      sprintf("%.2f", 0.304) "0.30"
```

ఎక్సెల్ సగాన్ని పైకి నెడుతుంది. ఆర్ సరిగ్గా సగం దగ్గర సరిసంఖ్య వైపు పోతుంది. రెండూ పద్ధతులే, కానీ ఒకే పేపరులో రెండూ ఉంటే కుదరదు. ఆర్ చివరి సున్నాను మింగేస్తుంది కూడా, 0.30 బదులు 0.3 వచ్చి టేబుల్ వంకరగా కనిపిస్తుంది, అందుకే ఆ నాలుగో లైను. ఎక్సెల్‌లో ఇంకొకటుంది. సెల్ ఫార్మాట్ మార్చితే కనిపించే అంకె మారుతుంది గానీ లోపలి విలువ మారదు. అది మంచిదే, పూర్తి విలువలు అలాగే ఉంచుకుని చివర్లో ఒక్కసారి రౌండ్ చేసుకోవచ్చు. చూసి చేత్తో టైపు చేసేవాళ్లకే కష్టం.

పేపరు ప్రింటు తీసి అబ్‌స్ట్రాక్ట్‌లోని ప్రతి అంకె కిందా పెన్సిల్‌తో గీత పెట్టించాను, ఏ టేబుల్‌లో ఏ వరుసదో పక్కన రాయమన్నాను. రెండు అంకెలకు చోటు దొరకలేదు, పాత డ్రాఫ్టువి. తీసేసింది.

చర్చ భాగంలో వేరేవాళ్ల పేపరు నుంచి తెచ్చిన 41.27 శాతాన్ని కూడా 41 చేయబోయింది. వద్దన్నాను. వాళ్లు అచ్చు వేసింది అలాగే ఉండనీ, పోల్చే వాక్యంలో మాత్రం "దాదాపు 41 శాతం" అని రాసుకోమన్నాను. సరేనంది గానీ, వాళ్ల కో-గైడ్‌కు శాతాల్లో రెండు స్థానాలు లేకపోతే రీసెర్చ్ లాగా అనిపించదట. రేపు ఆయన దగ్గరికి 22, 62 పట్టుకుని వెళ్తానంటోంది.