సమావేశం మధ్యలో లైను తెగితే మేనేజరుకు ఏమి రాయాలి

పరదేశంలో ఇంటి నుంచి పనిచేసేవారి మేనేజరు తరచుగా మరో నగరంలో, ఒక్కోసారి మరో టైమ్‌జోన్‌లో ఉంటారు. సమావేశం మధ్యలో మన బొమ్మ కదలకుండా నిలిచిపోయి, కాసేపటికి మాయమైతే, అక్కడివారికి తెలిసేది అంతే. కరెంటు పోయిందా, లైను తెగిందా, మనమే లేచి వెళ్లిపోయామా అన్నది వారు ఊహించుకోవలసిందే. అందుకే ఇలాంటప్పుడు పంపే సందేశం క్షమాపణ పత్రం కాకూడదు. వేచి ఉండాలా, ముందుకు సాగాలా అని మేనేజరు నిర్ణయించుకోవడానికి పనికివచ్చే సమాచారం కావాలి.

ఒక సందర్భాన్ని తీసుకుందాం. 3:00 గంటలకు మొదలైన సమావేశంలో పాత సర్వరు నుంచి కొత్తదానికి డేటా తరలింపు ఎప్పుడు చేయాలో క్లయింటుతో ఖరారు చేయించుకోవలసిన బాధ్యత నాది. 3:12కు మాట ఆగిపోయింది. గదిలో దీపం వెలుగుతూనే ఉంది, ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తోంది, కానీ ఫైబర్ పెట్టె మీద LOS అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం మెరుస్తోంది. బయటి నుంచి రావలసిన కాంతి సంకేతం పెట్టెకు అందడం లేదని దాని అర్థం. పెట్టెలోకి వచ్చే తీగ వదులై ఉన్నా, నలిగినా ఇదే దీపం వెలుగుతుంది కాబట్టి దానిని ఒకసారి చూసుకోవాలి. అది సరిగానే ఉంటే లోపం సాధారణంగా ఇంటి బయటే ఉంటుంది, రౌటరును ఎన్నిసార్లు ఆపి మళ్లీ వేసినా ఫలితం ఉండదు. పెట్టె మీద దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయి ఉంటే మాత్రం ముందుగా చూడవలసినది కరెంటునే. ఈ రెంటిలో ఏది జరిగిందో తెలియకుండా రాసే సందేశం మేనేజరుకు పెద్దగా ఉపయోగపడదు.

వెంటనే ఫోనులో పంపిన మొదటి సందేశం ఇది:

“మా ఫైబర్ లైనులో సిగ్నల్ ఆగిపోయింది. ఫోను ద్వారా మాటతో మాత్రమే కలిసే ప్రయత్నం చేస్తున్నాను. 3:20 వరకు రాకపోతే నా కోసం ఆగవద్దు. దయచేసి ఖర్చుల అంశం ముందు చర్చించండి. తరలింపు స్లైడ్లు సమావేశ ఆహ్వానానికి జతచేసి ఉన్నాయి.”

“రెండు నిమిషాల్లో వస్తాను” అని రాయడం మర్యాదగానే అనిపిస్తుంది. కానీ ఆ మాట నమ్మి క్లయింటుతో సహా అందరూ ఖాళీగా కూర్చుంటారు.

ఫోను డేటాతో వీడియో నడపడం కంటే గొంతు మాత్రమే పంపడం సులభం. దానికి సెకనుకు 100 కిలోబిట్లు ఇంచుమించు సరిపోతుంది. అయితే ఆ ప్రాంతమంతా లైను పోయినప్పుడు అందరూ ఒకేసారి ఫోను డేటా మీద పడతారు కాబట్టి, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా డేటా కదలకపోవచ్చు. ఆ గీతలు టవరు అందుతోందని చెబుతాయి గాని, అక్కడ ఎంత రద్దీ ఉందో చెప్పవు. అప్పుడు ఆహ్వానంలో ఉండే టెలిఫోన్ నంబరు, కోడు ఆదుకుంటాయి, ఎందుకంటే మామూలు కాల్‌కు ఇంటర్నెట్ డేటా అక్కరలేదు. కాకపోతే ఆ ఆహ్వానం ఇంటర్నెట్ లేకుండా తెరుచుకోకపోవచ్చు గనుక నంబరును ముందే కాగితం మీద రాసి ఉంచుకోవాలి.

ఆ రోజు కాల్ కూడా నిలవలేదు. లైను తిరిగి వచ్చాక రాసిన రెండవ సందేశం కొంత పొడవైనది:

“ఈ రోజు 3:12 నుంచి 4:05 వరకు (మీ సమయం ప్రకారం 9:12 నుంచి 10:05) మా ప్రాంతంలో ఫైబర్ సేవ ఆగిపోయింది; సేవా సంస్థ తన స్థితి పేజీలో దీనిని నమోదు చేసింది. నేను లేని సమయంలో తరలింపు తేదీ మీద నిర్ణయం జరగలేదని చర్చ నోట్సు చూసి తెలుసుకున్నాను. క్లయింటుకు రేపు 15 నిమిషాల సమయం అడగమంటారా, లేక స్లైడ్లతో పాటు రెండు ప్రత్యామ్నాయ తేదీలను రాతపూర్వకంగా పంపమంటారా? రెండవది ఈ సాయంత్రమే చేయగలను.”

మనవాళ్లలో చాలామంది, ముఖ్యంగా ఉద్యోగంతో వీసా ముడిపడి ఉన్నవారు, ఇక్కడ నాలుగు వాక్యాలు క్షమాపణకే కేటాయిస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఫోనులో ఆ మెయిల్‌ను తెరిచిన మేనేజరుకు మొదట కనిపించేది ఆ క్షమాపణలే, అసలు ప్రశ్న అడుగున పడిపోతుంది. “అసౌకర్యానికి చింతిస్తున్నాను” అని ఒక్కసారి చివర రాస్తే చాలు. గంటల లెక్కన జీతం తీసుకునేవారైతే పోయిన సమయాన్ని ఎలా నమోదు చేయాలో కూడా అదే సందేశంలో అడగడం మంచిది.

అదే లోపం మళ్లీ వస్తే, ఈసారి ఏమి మార్చారో మేనేజరు అడుగుతారు. కరెంటు పోవడమే కారణమైతే ఫైబర్ పెట్టెకు, రౌటరుకు సరిపోయే చిన్న యూపీఎస్ చాలాసార్లు పనిచేస్తుంది, ఎందుకంటే వీధిలోని ఫైబర్ తీగకు కరెంటు అవసరం లేదు. లైను తెగడమే కారణమైతే యూపీఎస్ ఎందుకూ కొరగాదు. వేరే నెట్‌వర్కు సిమ్ కావాలి. చవకగా అమ్మే కొన్ని సిమ్‌లు పెద్ద కంపెనీల టవర్లనే అద్దెకు వాడుకుంటాయి గనుక, కొనేముందు అది ఎవరి టవర్ల మీద నడుస్తుందో అడిగి తెలుసుకోవాలి.