కార్డు అందుకునే చెయ్యి

పొద్దున్న జయపురం నుంచి కోరాపుట్ ఘాట్ ఎక్కుతుంటే బావగారు కార్లో మూడుసార్లు విజిటింగ్ కార్డుల డబ్బా తెరిచి చూసుకున్నారు, మా కాఫీ గింజలు చూడ్డానికి జపాన్ నుంచి ఇద్దరు వచ్చారు, వాళ్ళతో ఇదే ఫస్ట్ మీటింగ్.

నిన్న రాత్రి ఇంట్లో ప్రాక్టీస్ చేసినప్పుడు ఆయన అస్సలు ఒప్పుకోలేదు. జపాన్‌లో ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ ఒకేసారి కార్డులిచ్చుకుంటారు కదా, అప్పుడు కుడిచేత్తో మనది ఇస్తూ ఎడమచేత్తో వాళ్ళది అందుకోవాలి. "ఎడం చేత్తో తీసుకోవడమేంట్రా, మన ఇంటికొచ్చిన వాళ్ళ దగ్గర?" అన్నారు. నిజమే, నాకూ అదే ఇబ్బంది అనిపించేది. కానీ ఎడమచేతిలో ఉండేది కార్డుల డబ్బా, వాళ్ళ కార్డు దాని మీద వాలుతుంది, కుడిచెయ్యి ఖాళీ అవ్వగానే అదీ వచ్చి పట్టుకుంటుంది, అంటే చివరికి రెండు చేతులూ పడతాయి. తాంబూలం పళ్ళెంలో అందుకున్నట్టే బావా అన్నా, అప్పటికి కుదుటపడ్డారు.

వాళ్ళు వచ్చాక మేం టేబుల్ చుట్టూ తిరిగి వాళ్ళ ముందుకెళ్ళి నిలబడ్డాం, టేబుల్ మీదుగా చెయ్యి చాపితే బాగోదు. అమ్మేది మనం కాబట్టి ముందు బావగారే పెద్దాయనకిచ్చారు, అక్షరాలు ఆయనకి సరిగ్గా చదవడానికి వీలుగా తిప్పి, ఆయన కార్డు కన్నా కొంచెం కిందగా. తర్వాత నా వంతు.

అందుకున్నాక అసలు పని చదవడం. వేళ్ళు పేరు మీద పడకుండా అంచులు పట్టుకుని, ఛాతీ ఎత్తులో ఉంచి, కంపెనీ, డిపార్ట్‌మెంట్, హోదా, పేరు, అన్నీ నిదానంగా చూడాలి. వాళ్ళకీ మనలాగే ఇంటిపేరే ముందు, కానీ ఇంగ్లీషు వైపు కొందరు తిప్పి రాస్తారు, అందుకే ఇంటిపేరుని పెద్ద అక్షరాల్లో వేసుంటే అదే గుర్తు. దానికి మన గారు లాగా సాన్ చేర్చి పిలవాలి, మన పేరుకి మనం చేర్చుకోకూడదు. పేరు ఎలా పలకాలో అడిగితే తప్పేం కాదు, వాళ్ళ అక్షరాలు అవే ఉన్నా ఒకావిడ యూకో అవుతుంది, ఇంకొకావిడ హిరోకో. చిన్నాయన్ని నేను అడిగా, ఆయనే రెండుసార్లు నెమ్మదిగా చెప్పి, నా కార్డు మీదున్న ఇంటిపేరు ఇనీషియల్ చూపించి ఇదేంటని అడిగారు. పూర్తిగా పలికి చెప్పా. వాళ్ళు పిలవాల్సింది ఆ ఒక్క అక్షరం వెనకున్నదే మరి, ఈసారి కార్డుల మీద ఇంటిపేరు పూర్తిగా వేయించాలి.

కూర్చున్నాక పెద్దాయన కార్డు డబ్బా మీద, రెండోది పక్కన, వాళ్ళు కూర్చున్న వరసలోనే పెట్టుకున్నాం, మాట్లాడేటప్పుడు పేరు తడబడకుండా. బేరం మధ్యలో బావగారు హడావుడిగా పెన్ను తీసి కార్డు వెనకాల రేటు రాయబోయారు, నేను టేబుల్ కింద మోకాలు తట్టి నోట్‌బుక్ జరిపా. వాళ్ళెదురుగా కార్డు మీద రాస్తే వాళ్ళ మొహం మీద రాసినంత లెక్క.

లేచేటప్పుడు బావగారు రెండు కార్డులూ డబ్బాలోనే పెట్టారు, జేబులో కాదు. వాళ్ళు మూడు కిలోల శాంపిల్ అడిగారు, రేపు పొద్దున్నే ప్యాక్ చెయ్యాలి.