అమ్మ స్ట్రిప్, తమ్ముడి ఫొటోలు

2022 సంక్రాంతికి దేవరకొండలో అమ్మకు జ్వరం, గొంతునొప్పి. తమ్ముడు మెడికల్ షాపు నుంచి రెండు కోవిడ్ కిట్లు తెచ్చి, పొద్దున్నే నాకు వాట్సాప్‌లో ఫొటో పెట్టాడు. "అన్నా, సి దగ్గర ఏం లేదు. టి దగ్గర కొంచెం ఎర్రగుంది. పాజిటివేనా?" నేను నల్గొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా ఇంట్లో ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి.

అది పాజిటివూ కాదు, నెగెటివూ కాదు. వైరస్ ఉందో లేదో చెప్పేది టి గీత. కానీ సి గీత రాకపోతే టి దగ్గర ఏమున్నా ఆ స్ట్రిప్ చెల్లదు. ద్రవం రంగు కణాలను మోసుకుంటూ చివరిదాకా పారిందని చెప్పేది ఆ గీతే. "ఎన్ని చుక్కలు వేసినవ్‌రా?" అంటే, "ఒకటే, అది కూడా సగం పక్కకు పోయింది" అన్నాడు. ఆ కిట్‌కు రెండు చుక్కలు వేయాలి.

మళ్లీ ముక్కులోంచి శాంపిల్ తీసి రెండో కిట్‌తో చేయమన్నాను. ఈసారి ఫొటోలో సి ముదురుగా ఉంది. టి దగ్గర ఉందా లేదా అన్నట్టు బూడిదరంగు చార. ట్యూబ్‌లైట్ కింద, పైన ఫోన్ నీడ పడుతూ తీశాడు. వాట్సాప్ ఫొటోను కుదించడంతో జూమ్ చేస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తోంది. అసలు చిక్కు అది కాదు. చుక్కలు వేసింది 7:26కి, ఫొటో తీసింది 8:10కి. ఆ కిట్‌ను 15 నిమిషాలకు చూడాలి, 20 దాటితే చూడొద్దని కాగితం మీదే ఉంది. ఆలస్యమైతే స్ట్రిప్ ఆరిపోతూ ఇలాంటి రంగులేని చార వేయొచ్చు.

"మధ్యలో ఏమైనా తీసినవా?" అని అడిగా. తీశాడట, మసకగా ఉందని పంపలేదట! దాన్ని డాక్యుమెంట్‌గా పంపించుకున్నాను, కుదించకుండా వస్తుందని. గ్యాలరీ వివరాల్లో టైం 7:42. కిటికీ వెలుగులో తీసిందే. టి దగ్గర గీత పలచనే, కానీ గులాబీ రంగులో ఉంది, స్ట్రిప్ ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఉంది. నీడైతే రంగుండదు.

"అంత సన్నగుంది, లేనట్టే కదన్నా?" అన్నాడు వాడు. కాదు. టైంలోపల రంగు గీత వస్తే ఎంత పలచనైనా పాజిటివే. పట్టుకున్న వైరస్ ప్రోటీన్ తక్కువని మాత్రమే దానర్థం. జబ్బు మొదట్లోనో చివర్లోనో కావొచ్చు, శాంపిల్ సరిగా రాకపోయి ఉండొచ్చు. సి గీతతో పోల్చి చూడకూడదు.

ఒకవేళ టి దగ్గర ఏమీ రాకపోయినా అమ్మను అలా వదిలేవాణ్ని కాదు. పుల్ల ముక్కులోకి సరిగా పోయిందో లేదో సి గీత చెప్పదు. లక్షణాలుండి నెగెటివ్ వస్తే ఆర్టీపీసీఆర్ చేయించాలనే ఐసీఎంఆర్ కూడా చెప్పింది. అమ్మ విషయంలో ఆ అవసరం రాలేదు. సాయంత్రానికి వెనక గదిలో మంచం వేశారు. పల్స్ ఆక్సీమీటర్ నేనే ఇక్కడి నుంచి తీసుకెళ్లాను.