ముందు బాణం, తర్వాతే i, j

ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు సదిశలు చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ మొదటి పీరియడ్‌లోనే బోర్డు మీద అక్షాల వెంట ఒక్కో యూనిట్ పొడవుండే సదిశలు i, j, k రాసేసేవాణ్ని. సిలబస్ తొందరగా అయిపోయేది. పోయినేడు స్లిప్ టెస్టులో (2i+3j)·(4i+j) అనే బిందు లబ్ధం ఎంత అని అడిగితే చాలామంది 8i+3j అని రాశారు. జవాబు 11, అంటే ఒక ఉత్త సంఖ్య. i పక్కన ఉన్నవి రెండూ, j పక్కన ఉన్నవి రెండూ గుణించి, కూడికలో లాగే i, j లను అలాగే ఉంచేశారు. తప్పు వాళ్లది కాదనిపించింది. సదిశ అంటే i పక్కన ఒక అంకె, j పక్కన ఒక అంకె అని నేర్పింది నేనే కదా!

ఈసారి గ్రౌండుకు తీసుకెళ్లాను. ఒకబ్బాయిని తూర్పుకు 40 అడుగులు, అక్కణ్నుంచి ఉత్తరానికి 30 అడుగులు వేయమన్నాను. ఇంకొకణ్ని ముందు ఉత్తరానికి 30, తర్వాత తూర్పుకు 40 వేయమన్నాను. ఇద్దరూ ఒకేచోట కలుస్తారని ధీమాగా చెప్పాను. కలవలేదు. రెండోవాడు పొడగరి, వాడి అంగలు పెద్దవి! అందరూ నవ్వారు. పొట్టివాణ్నే రెండు దారుల్లోనూ నడిపిస్తే అప్పుడు దాదాపు ఒకేచోట తేలాడు. బయల్దేరిన చోటు నుంచి అక్కడికి ముగ్గుతో తిన్నగా గీత గీసి, చివర బాణం పెట్టి, వాణ్నే దాని మీద నడవమంటే 50 అడుగులు వచ్చాయి. "సార్, వీడు నడిచింది 70 కదా?" అని ఒకమ్మాయి అడిగింది. నడిచిన దూరం 70, స్థానభ్రంశం 50. దారి ఏదైనా బాణం అదే.

మరుసటి రోజు క్లాసులో తలా రెండు చీపురుపుల్లలు ఇచ్చి, ఒక కొసకు ఎర్ర కాగితం అంటించమన్నాను. తిప్పకుండా ఎక్కడికి జరిపినా అదే సదిశ. ఒకదాని కొస దగ్గర రెండోదాని మొదలు పెడితే కూడిక. రెండింటి మొదళ్లూ ఒకేచోట పెడితే, ఒక కొస నుంచి రెండో కొసకు గీసే బాణమే తీసివేత. ఇక్కడ ఎటు నుంచి ఎటు అన్నది తడబడతారు. b−a అంటే "a కొస నుంచి b కొసకు వెళ్లే ప్రయాణం" అని చెప్తే కుదిరింది.

అక్షాలు అప్పుడు గీయించాను. కాగితం మీద 5 సెం.మీ. బాణం గీసి, దాని మీద పారదర్శకంగా ఉండే గ్రాఫ్ షీటు పరిస్తే 4i+3j అని చదివారు. షీటును బాణం వెంబడి తిప్పితే అదే బాణం 5i అయింది. బాణం కదల్లేదు, అంకెలు మారాయి. ఆ అంకెలు, అంటే అంశాలు, బాణానికి మనం పెట్టుకున్న చిరునామా మాత్రమేనని మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

బిందు లబ్ధానికి నీడ అన్న మాట వాడాను: b వెంట a వేసే నీడ పొడవును b పొడవుతో గుణించడం. ఎండలో నీడ ఏటవాలుగా పడుతుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు, మూలమట్టంతో లంబం దింపాల్సిందే. కోణం 90 డిగ్రీలు దాటితే నీడ వెనక్కి పడుతుంది, అప్పుడది రుణం. లంబంగా ఉంటే నీడే లేదు, కాబట్టి i·j సున్నా. i మీద i నీడ దాని పొడవంతే, కాబట్టి i·i ఒకటి; j·j కూడా అంతే.

అసలు కీలకం ఇక్కడుంది. రెండు పుల్లల్ని కొసకు మొదలు కలిపి పెట్టి, బెంచి అంచు మీదికి లంబాలు దింపించాను. మొదటిదాని నీడ ఆగిన చోటే రెండోదాని నీడ మొదలవుతుంది. అంటే మొత్తం నీడ రెండు నీడల కూడికే. దీన్ని కళ్లతో చూశాక (2i+3j)·(4i+j) ని నాలుగు ముక్కలు చేయడానికి ఎవరూ జంకలేదు. 2i·4i = 8, 2i·j = 0, 3j·4i = 0, 3j·j = 3. మొత్తం 11. సూత్రం బట్టీ పట్టకుండానే వచ్చింది.

ఒకమ్మాయికి నమ్మకం కుదరక రెండు బాణాలూ గ్రాఫ్ మీద గీసి కొలిచింది. పొడవులు 3.6, 4.1 సెం.మీ., మధ్య కోణం 42 డిగ్రీలు. cos 42° పట్టికలో 0.7431. గుణిస్తే 10.97. "పెన్సిల్ మొద్దుబారింది సార్" అంది.

దీనికి నాకు నాలుగు పీరియడ్లు పట్టాయి. ఈలోగా పని, సామర్థ్యం చెప్పడానికి బిందు లబ్ధం కావాలని ఫిజిక్స్ మేడమ్ రోజూ అడుగుతూనే ఉన్నారు. చివరి పీరియడ్‌లో పొట్టి అబ్బాయి లేచి, "బలాన్ని కూడా ఇలా ఎక్కడికైనా జరపొచ్చా సార్?" అన్నాడు. తలుపును బందుల దగ్గర ఒకసారి, గడియ దగ్గర ఒకసారి అంతే బలంతో నెట్టి చూడమన్నాను. వాడు నెట్టి చూసి, తిన్నగా ఫిజిక్స్ మేడమ్ దగ్గరికి వెళ్లాడు.