వేతన ఒప్పందం చర్చల్లో నోట్స్ రాసిన నా అనుభవం

2018లో మా ఫ్యాక్టరీలో పాత వేతన ఒప్పందం గడువు అయిపోయింది. పటాన్‌చెరు వైపు ఇంజినీరింగ్ యూనిట్ మాది. నెలకి 6,000 పెంచాలని యూనియన్ తరఫున డిమాండ్ల చార్టర్ ఇచ్చాం, 4,000కి తగ్గితే సంతకం పెట్టొద్దని లోపల అనుకున్నాం. చర్చలకి నలుగురం వెళ్లాం. ప్రెసిడెంట్ అన్న, ట్రెజరర్, నోట్స్ రాయడానికి నేను, షాప్ ఫ్లోర్ నుంచి ఒక సీనియర్ ఫిట్టర్ అన్న.

మొదటి రెండు మీటింగుల్లో ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడాం, అదేం తప్పని అప్పుడు అనిపించలేదు. మూడో మీటింగులో దెబ్బ పడింది. ఏప్రిల్ నుంచి రావాల్సిన ఎరియర్స్ ఒకేసారి ఇవ్వాలని ప్రెసిడెంట్ అన్న గట్టిగా కూర్చున్నాడు. మధ్యలో టీ వచ్చింది, హెచ్‌ఆర్ మేనేజర్ ట్రెజరర్ వైపు తిరిగి మామూలుగా, "రెండు విడతల్లో ఇస్తే మీకేమైనా ఇబ్బందా?" అన్నాడు. మనోడు మర్యాదకి "ఇబ్బందేం లేదు సార్" అన్నాడు. అంతే. టీ అయ్యాక ఆయన ప్రెసిడెంట్ అన్న వైపు చూడటమే మానేశాడు, "మీ వాళ్లే ఒప్పుకున్నారు కదా" అని మొదలుపెట్టాడు. కాదంటే మాలో మాకే పడదని తేలిపోతుంది, అవునంటే ఎరియర్స్ ఒకేసారి రావు. పది నిమిషాలు బయట మాట్లాడుకుని వస్తామని లేచాం.

ఆ రాత్రి కూర్చుని పనులు పంచుకున్నాం. అంకె, "సరే", "కాదు", ఈ మూడూ ప్రెసిడెంట్ అన్న నోట్లోంచే రావాలి. మిగతావాళ్లని ఏదడిగినా, టీ దగ్గరైనా, పార్కింగ్‌లో అయినా, "ప్రెసిడెంట్ అన్న చెప్తాడు సార్" అనాలి. ఏదైనా గుర్తొస్తే చీటీ రాసి జరపాలి. అన్న చెప్పింది తప్పనిపిస్తే టేబుల్ దగ్గర సరిదిద్దొద్దు, నేను పెన్ను క్యాప్ పెట్టి పక్కన పెడతా, అది చూసి అన్న బ్రేక్ అడుగుతాడు. ట్రెజరర్‌కి ఇది చిన్నతనం అనిపించింది, నిజం చెప్పాలంటే రెండు రోజులు మాట్లాడలేదు కూడా. అందుకే లెక్కలన్నీ ఆయనకే అప్పజెప్పాం, కాకపోతే అన్న "మనోళ్లు లెక్క చెప్తారు" అన్నప్పుడే చెప్పాలి.

ఫిట్టర్ అన్న పని చూడటం, వినడం. ఒక్క మాట కూడా మాట్లాడడు. మాట్లాడేవాడు తర్వాతి మాట గురించి ఆలోచిస్తుంటాడు, రాసేవాడి తల కాగితంలో ఉంటుంది, కాబట్టి ఎదుటివాళ్ల మొహాలు చూసేది ఆయనొక్కడే. క్యాంటీన్ సబ్సిడీ అన్నప్పుడల్లా వాళ్ల ఫైనాన్స్ ఆయన తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నాడని, ఎరియర్స్ అనగానే మాత్రం క్యాలిక్యులేటర్ తీస్తున్నాడని బ్రేక్‌లో చెప్పాడు. డబ్బు నొప్పి ఎక్కడుందో మాకు అప్పుడే తెలిసింది.

నా నోట్స్ కూడా మార్చుకున్నా. అంతకుముందు సారాంశం రాసేవాణ్ణి, తర్వాత ఎవరన్నారు, ఏ మాటల్లో అన్నారు, టైమ్ ఎంత, ఇవి రాశా. పక్కనే "ఖాయం" లేదా "ఊరికే" అని గుర్తు పెట్టేవాణ్ణి, ఎందుకంటే "ఒకవేళ 3,500 అయితే?" అనేది ఆఫర్ కాదు. మీటింగ్ అయిపోయే ముందు ఆ రోజు ఒప్పుకున్నవి రెండు పక్షాల ముందూ చదివేవాణ్ణి.

అయిదో మీటింగులో ఇదే పనికొచ్చింది. వాళ్లు 3,500 అన్నారు, అన్న మొహం వెలిగింది, ఎందుకంటే అప్పటిదాకా 2,800 దగ్గరే ఉన్నారు. కానీ నా పేజీలో 2,800 పక్కన "గ్రాస్" అని ఉంది, ఈసారి వాళ్ల నోట్లో వచ్చింది "సీటీసీ". గ్రాస్ అంటే కోతలకి ముందు మా జీతం, సీటీసీ అంటే కంపెనీ మా కోసం కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ కూడా కలిపిన మొత్తం ఖర్చు. పెన్ను క్యాప్ పెట్టేశా. బయటకొచ్చి ట్రెజరర్ లెక్క వేశాడు. పెంచేదంతా బేసిక్‌లో కలిపితే, మా దగ్గర పీఎఫ్ పూర్తి బేసిక్ మీద కడతారు కాబట్టి, కంపెనీ వాటా 12 శాతం, గ్రాట్యుటీ 4.81 శాతం ఆ 3,500లోంచే పోతాయి. గ్రాస్ పెరిగేది సుమారు 2,996. అంటే వాళ్లు 700 కాదు, 200 కదిలారు. అక్కడే టేబుల్ దగ్గర నేను "సార్, అది సీటీసీ కదా" అని ఉంటే, అన్నకి తెలీదని వాళ్లకి తెలిసిపోయేది. లోపలికొచ్చి అన్నే నెమ్మదిగా, "ఇకనుంచి అంకెలన్నీ గ్రాస్‌లోనే మాట్లాడుకుందాం సార్, మొన్న మీరు చెప్పింది అలాగే రాసుకున్నాం" అన్నాడు. హెచ్‌ఆర్ మేనేజర్ నా నోట్‌బుక్ వైపు చూసి సరేనన్నాడు.

చివరికి గ్రాస్ మీద 4,100కి తెగింది. ఎరియర్స్ విషయంలో ఆ "ఇబ్బందేం లేదు" మాటని వెనక్కి తీసుకోవడానికి ఇంకో రెండు మీటింగులు పట్టింది, అవి ఒకేసారి రావడం కోసం క్యాంటీన్ సబ్సిడీ డిమాండ్ వదులుకున్నాం. లేబర్ ఆఫీసులో కన్సిలియేషన్ అధికారి ముందు, అప్పట్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) కింద సంతకాలు పెట్టాం, అలా అయితే యూనియన్‌లో లేనివాళ్లకి కూడా ఒప్పందం వర్తించేది. సంతకానికి ముందు డ్రాఫ్ట్‌ని నా నోట్స్‌తో లైన్ లైన్‌కీ పోల్చి చూసింది ట్రెజరరే, "గ్రాస్" అన్న మాట ఒక చోట తప్పిపోతే ఆయనే చీటీ రాసి అన్న వైపు జరిపాడు.