ముట్టుకోని వాక్యాలు

ఇవాళంతా ఓఆర్‌ఎస్ కరపత్రంతోనే గడిచింది. పిల్లలకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ప్యాకెట్ ఎలా కలపాలి, ఎంత తాగించాలి, జింక్ ఎన్నాళ్లు వేయాలి అనే సమాచారం. ఇంగ్లీషు నుంచి యంత్రం చేసిన తెలుగు నా దగ్గరికి వస్తుంది. స్క్రీన్ మీద ఎడమ గడిలో ఇంగ్లీషు, కుడి గడిలో తెలుగు. దాన్ని దిద్ది పంపాలి. దిద్దడం కంటే ఏ వాక్యాన్ని అలాగే వదిలేయాలో తేల్చుకోవడానికే నాకు ఎక్కువ సమయం పడుతుంది.

ముందు ఎడమ గడిని మూసేసి తెలుగు మాత్రం పైకి చదివాను. ఇంగ్లీషు చూస్తూ చదివితే ఆ వాక్యం వరసే చెవిలో ఉండిపోతుంది, తెలుగులో ఉన్న వంకర కనబడదు. నాలుక తడబడిన చోటల్లా ఒక చుక్క పెట్టుకుంటూ పోయాను.

మొదటి చుక్క ఇక్కడ పడింది: "తయారుచేయబడిన ద్రావణం 24 గంటలలోపు ఉపయోగించబడాలి మరియు మిగిలినది పారవేయబడాలి." ఇలా ఏ తల్లితోనూ ఎవరూ చెప్పరు. "కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లను 24 గంటల్లోపే వాడాలి. ఆ తర్వాత మిగిలితే పారబోయాలి" అని మార్చాను. దీని గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు.

ఆలోచించాల్సి వచ్చింది దాని కింది వాక్యం దగ్గర. "ప్యాకెట్‌లోని పొడి మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపండి." వెంటనే చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. నేనైతే "లీటరు నీళ్లు" ముందు పెట్టేదాన్ని. ఇలాంటప్పుడు నన్ను నేను ఒకటే అడుగుతాను: ఎందుకు మారుస్తున్నావో ఒక్క ముక్కలో చెప్పగలవా? అర్థం తప్పా? చదివేవాళ్లు తికమకపడతారా? ఎవరూ అలా మాట్లాడరా? ఈ మూడింట్లో ఏదీ కాదు. నాకు ఇంకోలా రాయడం అలవాటు, అంతే. కాబట్టి వదిలేశాను. యంత్రానువాదం దిద్దేవాళ్ల కోసం 2017లో వచ్చిన ఐఎస్‌ఓ 18587 ప్రమాణం కూడా యంత్రం ఇచ్చినదాన్ని వీలైనంతవరకు ఉంచుకోమనే అంటుంది. ఖర్చు సంగతి పక్కన పెట్టినా, అనవసరంగా కదిపిన ప్రతి వాక్యంలో కొత్త తప్పు దూరే అవకాశం ఉంది. ఒకచోట "తాగించండి" తీసి "పట్టండి" అని పెడితే, మిగతా చోట్ల పాతదే ఉండిపోతుంది. అప్పుడు చదివే తల్లికి రెండూ వేర్వేరు పనులేమో అనిపిస్తుంది.

జింక్ వాక్యం అయితే చదవగానే ప్రాణం లేచొచ్చింది. "విరేచనాలు తగ్గిపోయినా సరే, 14 రోజులూ జింక్ వేయండి." ఆ "సరే", ఆ "రోజులూ" ఉన్నాయి చూశారూ, మా ఊరి ఆశా కార్యకర్త చెప్పినట్టే ఉంది. అక్కడ ఒక్క అక్షరం కూడా కదపలేదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు 20 మిల్లీగ్రాములు, అంతకన్నా చిన్నవాళ్లకు 10 అన్న లెక్క మాత్రం ఇంగ్లీషుతో పోల్చి చూసుకున్నాను.

వినసొంపుగా ఉందని పోల్చకుండా వదిలేయకూడదు. ఎందుకో ఆ తర్వాతి వాక్యమే చూపించింది. "బిడ్డ వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ తాగించండి." చక్కగా ఉంది, చుక్క కూడా పడలేదు. ఎడమ గడి తెరిస్తే అక్కడ "మరింత నెమ్మదిగా" అని కూడా ఉంది. యంత్రం ఆ ముక్క మింగేసింది. మళ్లీ గ్లాసెడు గబగబా పట్టిస్తే బిడ్డ ఆ నీళ్లన్నీ కక్కేస్తుంది. యంత్రం తెలుగు వికారంగా ఉన్నచోట ఎలాగూ ఆగి చూస్తాం. సాఫీగా ఉన్నచోటే కన్ను జారిపోతుంది. అందుకే చుక్క పడని వాక్యాలకూ రెండో విడత పెట్టుకుంటాను. అందులో శైలి జోలికి పోను, ఏదైనా తగ్గిందా, ఎక్కువైందా, "వద్దు" అన్నది "చెయ్యండి" అయిందా అని మాత్రమే చూస్తాను. ఇక్కడ "మళ్లీ" తర్వాత "కొంచెం కొంచెంగా, నెమ్మదిగా" అని చేర్చి మిగతా వాక్యాన్ని అలాగే ఉంచాను.

సాయంత్రం తేలకుండా మిగిలింది ఒకటే. వరసగా ఐదారు వాక్యాల్లో "బిడ్డకు" అని ఉంది. వ్యాసంలో అయితే సగం కొట్టేసేదాన్ని. మా అత్తగారికి చదివి వినిపించి, ఈ మాట మరీ ఎక్కువైందా అని అడిగాను. "ఎక్కువేముందమ్మా, ఎవరికి పట్టాలో తెలుస్తోందిగా" అన్నారు. కరపత్రాన్ని ఎవరూ మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవరు, కావాల్సిన బొమ్మ దగ్గరున్న ఒక్క లైనే చదువుతారు. ఏ లైనుకా లైను పూర్తిగా ఉండాలి. "బిడ్డకు" అన్నీ ఉంచేశాను.

పంపేముందు వాంతి వాక్యం పక్కన సమీక్షకురాలి కోసం ఒక వ్యాఖ్య రాశాను: మూలంలోని "నెమ్మదిగా" తప్పిపోయింది, చేర్చాను, బొమ్మలో చెంచా ఉంటే బాగుంటుంది.