లావొక్కింతయు లేదు: ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు

ముక్కోటి ఏకాదశి దగ్గర పడుతోందంటే మా విజయనగరం వైపు ఊళ్ళల్లో పిల్లల చేత గజేంద్రమోక్షం పద్యాలు చెప్పిస్తుంటారు. రామతీర్థం వెళ్ళగలిగినవాళ్ళు వెళ్తారు, మిగతావాళ్ళు సాయంత్రం ఊళ్ళో రామమందిరం దగ్గరే కూర్చుంటారు. మైకు పట్టుకున్న ప్రతి పిల్లా ముందుగా ఎత్తుకునేది పోతన గారి ఈ పద్యమే.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యెఁ బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చెఁ దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర కావవే వరద సంరక్షింపు భద్రాత్మకా!

పిల్లలు దీన్ని ఎలా చెప్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. "లావొక్కింతయు లేదు ధైర్యము విలో" అని ఒక ఊపు, "లంబయ్యెఁ బ్రాణంబులున్" అని ఇంకో ఊపు. మా దగ్గర ఒక గుంటడు పద్యమంతా తప్పు లేకుండా చెప్పేసి, "లంబయ్యె అంటే ఏటి మాస్టారూ?" అని అడిగాడు. వాడి తప్పేం లేదు, వాడి చెవికి అలాగే వినిపించింది మరి.

ఇది శార్దూలం. పాదానికి 19 అక్షరాలు, 13వ అక్షరం దగ్గర యతి. లోకంలో వాడుకైన బాణీ 12 అక్షరాలు ఒక ముక్కగా, 7 అక్షరాలు ఇంకో ముక్కగా విరిచేస్తుంది. సంస్కృత శార్దూలంలో ఇది సరిపోతుంది, అక్కడ యతి అంటే విరామమే కాబట్టి. తెలుగులో యతి ఆగే చోటు కాదు, పాదం మొదటి అక్షరానికి ఆ 13వ అక్షరంతో మైత్రి కుదరాలంతే. మొదటి పాదంలో "లా"కి "లం", రెండోదాంట్లో "ఠా"కి "డ", మూడోదాంట్లో "నీ"కి "న్నిం", నాలుగోదాంట్లో "రా"కి "ర". అందుకే తెలుగు కవి ఆ చోట మాటను నిక్షేపంగా దాటించేస్తాడు. ఈ పద్యంలో నాలుగు పాదాల్లో మూడింట యతి అక్షరం మాట మధ్యలోనే పడింది: విలో-లంబయ్యె, మ-న్నింపం, సం-రక్షింపు. రెండో పాదంలో మాట విరగదు కానీ "తనువున్" ఒకవైపూ "డస్సెన్" ఒకవైపూ అయిపోయి, ఒళ్ళు అలసిపోయిందన్న సంగతి తెగిపోతుంది.

అన్నిటికంటే నష్టం మూడో పాదంలో. "నీవే తప్ప నితఃపరం బెరుగమ" అని ఆగి, "న్నింపందగున్" అంటే ఎవరికి ఏం అర్థమవుతుంది? "ఎరుగ" అంటే నేను ఎరుగను. వాక్యం అక్కడ అయిపోయింది. "మన్నింపందగున్ దీనునిన్", అంటే ఈ దీనుణ్ణి ఆదరించాలి అన్నది వేరే వాక్యం. ఆ రెంటి మధ్య ఒక్క క్షణం నిశ్శబ్దం లేకపోతే శరణాగతి మొత్తం గాలికి పోతుంది.

కాబట్టి ముందు పద్యాన్ని పాదాలుగా కాకుండా మాటలుగా రాయించండి. లావొక్కింతయు లేదు. ధైర్యము విలోలంబయ్యె. ప్రాణంబులున్ ఠావుల్ దప్పెను. మూర్ఛ వచ్చె. తనువున్ డస్సెన్. శ్రమంబయ్యెడిన్. బలం కొంచెం కూడా లేదు, ధైర్యం చెదిరిపోయింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు డస్సిపోయింది, ఆయాసం వస్తోంది. మొదటి రెండు పాదాల్లో ఉన్నది ఈ ఆరు చిన్న చిన్న మాటలే, మొసలి పట్టులో ఉన్నవాడికి అంతకంటే పొడుగు వాక్యం ఎలా వస్తుంది? పిల్లల చేత వీటిని ముందు మామూలు మాటల్లో, ఇంట్లో అమ్మకి చెప్పుకున్నట్టు చెప్పించి, ఆ తర్వాత పద్యంలోకి రప్పిస్తే బాణీ చాలావరకు దానంతటదే వదులవుతుంది.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటి పాదం చివర "ప్రాణంబులున్" దగ్గర వాక్యం అవలేదు, "ఠావుల్ దప్పెను" కింది పాదంలో ఉంది. అలవాటు కొద్దీ "బులూన్..." అని సాగదీసి ఊపిరి తీసుకుంటారు. అక్కడ ఊపిరి తీసుకోకూడదు, గొంతు కిందికి దించకూడదు. వినేవాడికి ఇంకా ఏదో రావాలనిపించేలా గొంతు ఎత్తులోనే ఉంచి కింది పాదంలోకి దిగి, "దప్పెను" తర్వాత ఊపిరి తీసుకోవాలి.

రెండో చిక్కు సంధి. "విలోలంబయ్యె" తర్వాత పూర్తిగా ఆగితే తర్వాతి మాట "బ్రాణంబులున్" అని మొదలవుతుంది, అది చెవికి ఎబ్బెట్టు. "వచ్చెఁ దనువున్" కూడా అంతే. ఇలాంటి చోట్ల నోరు ఆపక్కర్లేదు. మొదటి మాట చివర గొంతు కాస్త తగ్గించి, రెండో మాటని కొత్త ఎత్తులో అందుకుంటే చాలు, సంధి అలాగే ఉంటుంది, మాటలు మాత్రం విడివిడిగా వినపడతాయి. "ఇతఃపరం బెరుగ" దగ్గర మాత్రం విడదీసే పనే పెట్టుకోవద్దు, అది ఒకే ఊపిరిలో పోవాలి.

అసలైన నిశ్శబ్దం "శ్రమంబయ్యెడిన్" తర్వాత. అంతకు ముందువన్నీ అయిపోయినవి: తప్పెను, వచ్చె, డస్సెన్. "అయ్యెడిన్" ఒక్కటే ఇంకా జరుగుతున్నది. అక్కడ ఒక నిండు ఊపిరి తీసుకునేంత సేపు ఆగి, ఆ తర్వాత "నీవే" అనాలి. కాస్త ముందు పద్యంలో ఇదే గజరాజు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని అనుమానపడ్డాడు, అక్కడ దేవుడు ఎక్కడో దూరంగా ఉన్న "వాడు". ఇప్పుడు "నీవే" అని ఎదుట నిలబెట్టి మాట్లాడుతున్నాడు. ఊనిక ఆ "వే" మీద పడాలి, "తప్ప" మీద కాదు. గట్టిగా అరిస్తే ఊనిక కాదు, అక్కడ గొంతు తగ్గించినా ఊనికే అవుతుంది. నాకైతే తగ్గిస్తేనే బావుంటుంది.

నాలుగో పాదంలో మూడు పిలుపులు. రావే యీశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా. నాటకాల్లో ఈ పాదం హార్మోనియంతో ఆకాశానికి ఎత్తుతారు, జనం వన్స్ మోర్ అంటారు, అది వేరే విద్య, దాని అందం దానికుంది. చదివేటప్పుడు మాత్రం మూర్ఛ వచ్చినవాడు అంత గొంతెత్తి ఎలా పిలుస్తాడన్నది ఆలోచించాలి. "యీశ్వరా", "వరదా" అని దీర్ఘం తీసే అలవాటు కూడా ఉంది. పోతన రాసింది హ్రస్వమే, దీర్ఘం తీస్తే గణం చెడుతుంది, పిలుపు పాటైపోతుంది. అర్థం కోసమని ఛందస్సుని పాడుచెయ్యక్కర్లేదు. గురువుని గురువుగా, లఘువుని లఘువుగా పలికి, ఆగే చోట్లు మాత్రం మార్చుకుంటే సరి.

సరిగ్గా వస్తోందో లేదో తేల్చుకోవాలంటే ఫోన్లో రికార్డు చేసి, ఈ పద్యం రానివాళ్ళకి వినిపించి, ఏ మాటలు వినిపించాయో అడగండి. "లంబయ్యె" అన్నారో, ఇంకా బాణీ పోలేదన్నమాట. "నీవే" ముందు నిశ్శబ్దంలో వాళ్ళు తలెత్తి చూస్తే సరిగ్గా ఉన్నట్టు, "మర్చిపోయాడా ఏటి?" అన్నారంటే ఆగే ముందు గొంతు జారిపోయిందని లెక్క.

ఇదంతా ఒక్కరే చదివేటప్పటి సంగతి. పదిమంది కలిసి చెప్పేటప్పుడు ఆ నిండు ఊపిరి నిశ్శబ్దం నిలబడదు, ఎవడో ఒకడు ముందే "నీవే" అనేస్తాడు. అక్కడ పాత బాణీయే ఉండనివ్వండి, "విలోలంబయ్యె", "మన్నింపం", "సంరక్షింపు" అన్న మూడు మాటలు మాత్రం విరవకుండా కలిపి చెప్పించండి.